డిస్కవర్ ఫీడ్‌కు హెడ్డింగ్, ఫొటో సిద్ధం చేసే పద్ధతి: కీవర్డ్ అలవాటు మానుకున్నాక ఏం చేయాలి

"హెడ్డింగ్‌లో కీవర్డ్ పెట్టాను, యూఆర్ఎల్‌లోనూ పెట్టాను, మొదటి పేరాలో రెండుసార్లు వచ్చేలా చూశాను. సెర్చ్‌లో వస్తోంది కానీ డిస్కవర్‌లో ఎవరూ నొక్కట్లేదు. ఏం చేయాలి?" తెలుగులో సైట్ నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతిని వరసగా ఇక్కడ రాస్తున్నాను.

డిస్కవర్ అంటే గూగుల్ యాప్ తెరవగానే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో హోమ్ స్క్రీన్‌ను పక్కకు జరిపినా, క్రోమ్‌లో కొత్త ట్యాబ్ తెరిచినా కిందికి వరసగా వచ్చే కార్డులు. అక్కడ ఎవరూ ఏమీ టైప్ చేయరు. మనిషి ఇంతకుముందు ఏం చదివాడు, దేని మీద ఆసక్తి చూపాడు అన్నదాన్ని బట్టి కార్డులు వస్తాయి. టైప్ చేసిన మాటే లేనప్పుడు ఆ మాటతో హెడ్డింగ్‌ను అక్షరం అక్షరం సరిపోల్చడమూ ఉండదు.

పద్ధతి మొత్తాన్నీ ఒకే వ్యాసం మీద చేసి చూపిస్తాను. అది చలికాలంలో ఇడ్లీ పిండి పులవకపోతే ఏం చేయాలో చెప్పే వంటల వ్యాసం అనుకుందాం.

## 1. హెడ్డింగ్ కన్నా ముందు: ఈ పేజీ ఇచ్చే ఒక్క జవాబు ఏమిటి?

చాలామంది నేరుగా హెడ్డింగ్ రాయడం మొదలుపెడతారు. ముందు ఒక కాగితం మీద ఈ మూడు రాసుకోండి.

- ఈ పేజీ ఎవరి కోసం? (రాత్రి పిండి రుబ్బిపెట్టి, పొద్దున చూస్తే అలాగే ఉండిపోయి విసిగిపోయినవాళ్ల కోసం)
- వాళ్లకు దీన్లో దొరికే ఒక్క జవాబు ఏమిటి? (పిండిలో తప్పు లేదు, వేడి చాలలేదు. గిన్నెను వెచ్చని చోట పెట్టి, ఎక్కువసేపు ఉంచాలి)
- ఈ జవాబును ఫొటోలో చూపించగలమా? (చూపించగలం. పొంగిన పిండి కంటికి కనిపిస్తుంది)

రెండో ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతున్నారంటే ఇబ్బంది వ్యాసంలోనే ఉందని అర్థం. "ఇడ్లీ గురించి పూర్తి వివరాలు" లాంటి పేజీకి సెర్చ్‌లో చోటుండొచ్చు. ఫీడ్‌లో వేలితో తోసుకుంటూ పోయే మనిషి మాత్రం "పూర్తి వివరాల" కోసం ఆగడు. అలాంటి వ్యాసానికి హెడ్డింగ్ మార్చి లాభం లేదు, దాన్ని రెండు మూడు వ్యాసాలుగా విడదీయాలి.

## 2. వస్తువు పేరు ఉంచండి, వెతికే మాటలు తీసేయండి

కీవర్డ్‌కు ప్రాధాన్యం తక్కువ అనగానే కొందరు ఇంకో చివరకు వెళ్లిపోతారు. "రాత్రి చేసిన ఆ పని పొద్దున పాడైందా?" అని రాస్తారు. ఇది దేని గురించో గూగుల్‌కూ తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు. ఖచ్చితమైన కీవర్డ్ అక్కర్లేదు కానీ వస్తువు పేరు తప్పకుండా కావాలి. ఇక్కడ ఆ పేరు "ఇడ్లీ పిండి". అది హెడ్డింగ్ మొదట్లోనే కనిపించాలి.

తీసేయాల్సినవి వెతికేటప్పుడు మాత్రమే వాడే మాటలు. సెర్చ్ కోసం రాసిన ఈ హెడ్డింగ్ చూడండి:

> చలికాలంలో ఇడ్లీ పిండి పులవడానికి చిట్కాలు | ఇడ్లీ బ్యాటర్ టిప్స్ తెలుగులో | ఇడ్లీ రవ్వ ఇడ్లీ

"తెలుగులో" అన్న మాట తెలుగు చదివేవాళ్ల ఫీడ్‌లో ఏ పనీ చేయదు. "బ్యాటర్", "పిండి" రెండూ ఒకటే. నిలువు గీతల మధ్య ఉన్నవి మూడు సెర్చ్ మాటలు, వాటిలో వాక్యం అంటూ లేదు. పక్కింటావిడతో ఇలా మాట్లాడతామా అని అడిగితే వీటిలో ఏది ఉండాలో ఏది పోవాలో వెంటనే తెలిసిపోతుంది.

"చిట్కాలు", "టిప్స్", "విధానం", "సమాచారం", "వివరాలు" అనే మాటలను నేను మొదటి చూపులోనే కొట్టేస్తాను. ఇవి పేజీ ఏ రకందో చెప్తాయి తప్ప అందులో ఏముందో చెప్పవు.

స్పెల్లింగ్ గురించి కూడా అడుగుతుంటారు. పులవడం అనాలా, పులియడం అనాలా? దోశా, దోసా? మీ పాఠకుల నోట ఏ మాట ఉంటే అదే ఒక్కసారి రాయండి. రెండు రూపాలనూ హెడ్డింగ్‌లోకి తోసేస్తే చదివేవాళ్లకు తడబాటు తప్ప లాభం లేదు.

## 3. తెలుగు వాక్యం తోక తెగితే ఏమవుతుందో చూసుకోండి

ఇంగ్లిష్‌లో రాసిన సలహాలు మనకు ఉపయోగపడని చోటు ఇదే. అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతున్నాను.

కార్డు మీద హెడ్డింగ్‌కు కొన్ని వరసలే దొరుకుతాయి. మిగిలింది తెగిపోయి మూడు చుక్కలు వస్తాయి. ఎక్కడ తెగుతుందన్నది ఫోన్‌ను బట్టి, అందులో పెట్టుకున్న అక్షరాల సైజును బట్టి మారుతుంది. పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుంటారు కాబట్టి వాళ్లకు ఇంకా ముందే తెగుతుంది.

తెలుగులో క్రియ చివర వస్తుంది. వద్దు, లేదు, కాదు, కూడదు అన్నీ చివరే ఉంటాయి. తోక తెగితే ముందుగా పోయేది అవే.

నేను డెస్కులో పనిచేసిన ఒక సైట్‌లో ఈ హెడ్డింగ్ నా చేతుల మీదుగానే వెళ్లింది:

> వైరల్ జ్వరంతో బాధపడుతున్న పిల్లలకు వైద్యుల సలహా లేకుండా ఆస్పిరిన్ మాత్రలు ఇవ్వొద్దు

ఫోన్‌లో కనిపించింది ఇంతే:

> వైరల్ జ్వరంతో బాధపడుతున్న పిల్లలకు వైద్యుల సలహా లేకుండా ఆస్పిరిన్…

"వైద్యుల సలహా లేకుండా ఇవ్వొచ్చని రాశారా?" అని మా బంధువు ఒకావిడ ఫోన్ చేసి అడిగారు. ఆవిడ పేజీ తెరవలేదు, కార్డు మాత్రమే చూశారు. వైరల్ జ్వరంలో పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ వచ్చే ముప్పుంది. అలాంటి విషయంలో "ఇవ్వొద్దు" అన్న మాటే తెగిపోయింది. ఆ రోజే హెడ్డింగ్ ఇలా మార్చాం:

> పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు, వైరల్ జ్వరంలో రై సిండ్రోమ్ ముప్పు

ఇప్పుడు ఎక్కడ తెగినా అర్థం తిరగబడదు. మొదటి మూడు మాటల్లోనే విషయం ముగిసింది, మిగతాది కారణం.

ఇదే పరీక్ష ఇడ్లీ పిండికి పెడదాం. మొదట ఇలా రాశాననుకోండి:

> చలికి ఇడ్లీ పిండి పులవట్లేదా? గిన్నె పెట్టే చోటు మార్చండి, వంటసోడా అక్కర్లేదు

చదవడానికి బాగానే ఉంది. చివరి మాట తెగితే "గిన్నె పెట్టే చోటు మార్చండి, వంటసోడా…" అని మిగులుతుంది. చూసేవాళ్లు సోడా వేయమంటున్నారనుకుంటారు. అది వ్యాసం చెప్పేదానికి పూర్తిగా ఎదురు. మాటలను అటూ ఇటూ మార్చాను:

> చలికి ఇడ్లీ పిండి పులవట్లేదా? సోడా వద్దు, గిన్నె పెట్టే చోటు మార్చండి

ఇప్పుడు "సోడా వద్దు, గిన్నె…" దగ్గర తెగినా ఇబ్బంది లేదు. మొత్తం పది మాటలు.

చేసే పద్ధతి ఇది:

1. హెడ్డింగ్ రాసి, చివరి నుంచి ఒక్కో మాట చెరుపుతూ రండి.
2. ప్రతిసారీ మిగిలినదాన్ని పైకి చదవండి. అర్థం తిరగబడితే అక్కడ ఆగండి.
3. వద్దు, లేదు, కాదు లాంటి మాటను వాక్యం మొదటి సగంలోకి తెచ్చి మళ్లీ రాయండి. కామాతో వాక్యాన్ని రెండు చిన్న ముక్కలు చేస్తే సాధారణంగా సరిపోతుంది.
4. మొదటి ఆరేడు మాటల్లో వస్తువు పేరు, దానికి వచ్చిన చిక్కు రెండూ వచ్చాయా చూడండి.

పొడవు విషయంలో ఒక మాట. 60 అక్షరాలు దాటకూడదన్న లెక్కను తెలుగుకు వాడకండి. "ఇడ్లీ" మన కంటికి రెండక్షరాలే. కంప్యూటర్ మాత్రం ఇ, డ, పొల్లు, ల, దీర్ఘం అని ఐదుగా లెక్కపెడుతుంది. "స్త్రీ" ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు. అందుకే ఎస్ఈఓ టూల్ ఎర్రగీత పెట్టినా నేను పట్టించుకోను. మాటలు లెక్కపెడతాను. పది పన్నెండు మాటలు దాటితే మళ్లీ రాస్తాను.

## 4. ఎంత చెప్పాలి, ఎంత లోపల ఉంచాలి

మన ఫీడ్లలో ఎక్కువగా కనిపించే హెడ్డింగ్ రకం ఇది:

> ఇడ్లీ పిండిలో రాత్రి ఈ ఒక్కటి చేస్తే చాలు.. పొద్దున చూసి షాకవుతారు!

దీనికి క్లిక్కులు రావని నేననను, వస్తాయి. కానీ డిస్కవర్ కోసం గూగుల్ ఇచ్చిన సూచనల్లో దీని గురించే హెచ్చరిక ఉంది. హెడ్డింగ్‌లోగానీ, ఫొటోలోగానీ విషయాన్ని పెంచి చూపొద్దు, తప్పుదారి పట్టించొద్దు, విషయం అర్థం కావడానికి కావాల్సిన ముఖ్యమైన సంగతిని దాచొద్దు అని అందులో స్పష్టంగా ఉంది. కోపం, వికృత కుతూహలం, వెకిలి ఆసక్తి రెచ్చగొట్టి క్లిక్ రాబట్టడమూ వద్దంటుంది.

దానికన్నా ముఖ్యమైనది ఆ పేజీ తెరిచిన మనిషి. రాత్రి పదింటికి రేపటి టిఫిన్ గురించి టెన్షన్ పడుతున్న తల్లి "ఈ ఒక్కటి" ఏమిటో తెలుసుకోవడానికి ఎనిమిది పేరాలు దాటాలి. తర్వాత అదే సైట్ కార్డు కనిపిస్తే ఆవిడ దాటేస్తుంది. కార్డు మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి ఆ సైట్ నుంచి వచ్చేవి చూపించొద్దని చెప్పే వీలు కూడా ఆవిడకు ఉంది.

మరి జవాబు హెడ్డింగ్‌లోనే చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారని అడుగుతారు. నేను పాటించే గీత ఇది: ఏం చేయాలో హెడ్డింగ్‌లో చెప్పండి, ఎలా చేయాలో లోపల చెప్పండి. "గిన్నె పెట్టే చోటు మార్చండి" అని హెడ్డింగ్‌లోనే చెప్పాం. ఆ చోటు ఏది, గిన్నెను గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో పెట్టాలా, లైటు వేసిన ఓవెన్‌లో పెట్టాలా, పది గంటలు చాలకపోతే ఎన్ని గంటలు ఉంచాలి అన్నవి లోపల ఉన్నాయి. అవి కావాల్సినవాళ్లు తప్పకుండా తెరుస్తారు. వాళ్లు చివరిదాకా చదువుతారు కూడా.

ప్రశ్న రూపంలో హెడ్డింగ్ పెట్టొచ్చా? ఆ ప్రశ్న చదివేవాళ్ల మనసులో ముందే ఉంటే పెట్టొచ్చు. "పులవట్లేదా?" అన్నది వాళ్ల ప్రశ్నే. "ఇడ్లీ పిండి వెనకున్న రహస్యం తెలుసా?" అన్నది మనం వాళ్ల మీద రుద్దే ప్రశ్న. అది వద్దు.

## 5. హెడ్డింగ్ చెప్పనిదాన్ని ఫొటో చూపించాలి

కార్డు మీద ముందు కంటికి తగిలేది ఫొటోనే. హెడ్డింగ్, ఫొటో కలిపి ఒకే మాట అనుకోండి. హెడ్డింగ్ "పులవట్లేదా" అంటుంటే ఫొటోలో ప్లేటు నిండా ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, అరిటాకు ఉంటే ఆ రెండింటికీ పొంతన కుదరదు. అది ఏ ఇడ్లీ వ్యాసానికైనా పనికొచ్చే ఫొటో. అంటే ఈ వ్యాసానికి పనికిరానిదన్నమాట.

ఈ వ్యాసానికి కావాల్సింది పిండి ఫొటో. పొంగిందని చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? స్టీలు గిన్నెలో పిండి లోపల ఎంత ఉందో పక్క నుంచి కనిపించదు. అందుకే రాత్రి కొంచెం పిండిని గాజు సీసాలో పోసి, పిండి ఉన్న ఎత్తు దగ్గర సీసాకు ఒక రబ్బరు బ్యాండు వేయాలి. పొద్దున పిండి ఆ బ్యాండును దాటి పైకి వచ్చాక ఫొటో తీయాలి. పక్కనే చలికి అలాగే ఉండిపోయిన రెండో సీసా, బ్యాండు దగ్గరే ఆగిన పిండి. ఒక్క అక్షరం రాయకుండా మొత్తం విషయం అందులో వచ్చేసింది.

తీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

- ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. నిలువు ఫొటోను అడ్డం కార్డులో పెట్టినప్పుడు పైనా కిందా తెగిపోతుంది.
- ముఖ్యమైన వస్తువు మధ్యలో ఉండాలి, అంచులకు ఆనుకోకూడదు. కొన్ని కార్డుల్లో ఫొటో చిన్న చతురస్రంగా హెడ్డింగ్ పక్కన వస్తుంది, అప్పుడు అంచులు పోతాయి.
- వెనకాల సామాను తీసేయండి. బొటనవేలి గోరంత సైజులో చూస్తే డబ్బాలూ పొయ్యీ అన్నీ కలిసి మరకలా కనిపిస్తాయి.

సైజు: గూగుల్ అడిగేది కనీసం 1200 పిక్సెళ్ల వెడల్పు, 16:9 ఆకారం. అంటే కనీసం 1200×675. మామూలు ఫోన్ కెమెరా 4000×3000 ఫొటో ఇస్తుంది. దాన్ని 4000×2250కు కత్తిరించి, 1600×900కు తగ్గిస్తే బాగా సరిపోతుంది. 640 పిక్సెళ్ల ఫొటోను సాగదీసి 1200 చేయకండి. లెక్కకు సరిపోతుంది కానీ మసకగా ఉంటుంది.

ఇక్కడ మన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఫొటో తీసినవాళ్లు దాన్ని వాట్సాప్‌లో పంపుతారు, మనం అక్కడి నుంచే దించుకుంటాం. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే డ్రైవ్‌లో పెట్టమనండి.

## 6. ఫొటో మీద అక్షరాలు: వేయకండి, వేయక తప్పకపోతే ఇలా

యూట్యూబ్ థంబ్‌నెయిల్ అలవాటు సైట్లకూ పాకింది. ఫొటో మీద పసుపు అక్షరాలు, ఎర్ర బాణం, మూలన లోగో పెట్టేస్తున్నారు. పేజీకి మీరు సూచించే ప్రధాన ఫొటో విషయంలో గూగుల్ చెప్పేది వేరు. సైట్ లోగోలాంటి సాధారణ బొమ్మ వద్దు, అక్షరాలున్న ఫొటో వద్దు అంటుంది.

గూగుల్ సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర వెడల్పు వెబ్ లెక్కలో 360 పిక్సెళ్ల చుట్టూ ఉంటుంది. 1200 వెడల్పు ఫొటో అక్కడికి వచ్చేసరికి మూడో వంతు కన్నా చిన్నదవుతుంది. కంప్యూటర్ మీద 40 పిక్సెళ్ల ఎత్తుతో పెద్దగా కనిపించిన అక్షరం ఫోన్‌లో 12 అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాన్ని ఆ సైజులో చదవొచ్చేమో. కింద ఒత్తు, పైన గుడి ఉన్న "ష్టి", "ద్ధి" లాంటివి ఆ సైజులో చుక్కలైపోతాయి.

పైగా హెడ్డింగ్ ఫొటో కిందనే ఉంటుంది. అదే మాటను ఫొటో మీద మళ్లీ రాయడం చోటు వృథా.

అక్షరాలు నిజంగా అవసరమయ్యేది ఒక్కచోట. రెండు వస్తువుల మధ్య తేడా కంటికి తెలియనప్పుడు, ఉదాహరణకు రెండు సీసాల్లో ఏది ఎన్ని గంటలు ఉంచినదో చెప్పాల్సి వచ్చినప్పుడు. అప్పుడు కూడా కంప్యూటర్‌లో అతికించకుండా, ఒక కాగితం ముక్క మీద మార్కర్‌తో "10 గంటలు", "16 గంటలు" అని రాసి సీసా ముందు నిలబెట్టి ఫొటో తీయండి. అది ఫొటోలో వస్తువే అవుతుంది. ఇంకా మంచి పద్ధతి, అలాంటి ఫొటోను వ్యాసం మధ్యలో వాడి, కార్డుకు మాత్రం ఉత్త ఫొటో ఇవ్వడం.

ఎడిటర్‌గారు ఒప్పుకోక అక్షరాలు వేయాల్సి వస్తే:

- మూడు మాటలకు మించొద్దు. హెడ్డింగ్‌లో ఉన్న మాట మళ్లీ వద్దు.
- ఫొటో ఎత్తులో కనీసం ఏడో వంతు అక్షరాలకు ఇవ్వండి. 900 ఎత్తు ఫొటోలో ఇది దాదాపు 130 పిక్సెళ్లు.
- ఒత్తులు విరిగాయేమో చూడండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే "ఇడ్లీ" కాస్తా "ఇడ్‌లీ" అవుతుంది. టైప్ ప్రిఫరెన్సెస్‌లో `World-Ready Layout` ఎంచుకుని, కొత్త ఫైల్ తెరవండి.
- అను ఫాంట్లలో కొట్టిన మాటను హెడ్డింగ్ బాక్సులోకి కాపీ చేయకండి. బొమ్మలో బాగానే కనిపించినా, వెబ్‌లో చెత్త అక్షరాలు వస్తాయి.

వాట్సాప్ గ్రూపుల కోసం అక్షరాలున్న పోస్టర్ కావాలనిపిస్తే దాన్ని విడిగా చేసి విడిగా పంపండి. పేజీ ప్రధాన ఫొటోను మాత్రం ముట్టుకోవద్దు.

ఆల్ట్ టెక్స్ట్ కార్డు మీద కనిపించదు. కానీ కళ్లు కనిపించనివాళ్ల ఫోన్ దాన్నే చదివి వినిపిస్తుంది. అక్కడ కీవర్డులు కుక్కకుండా, ఫొటోలో ఉన్నది చెప్పండి: "రెండు గాజు సీసాల్లో ఇడ్లీ పిండి, ఒకదాంట్లో రబ్బరు బ్యాండు దాటి పొంగింది".

## 7. పేజీలో ఏది ఎక్కడ పెట్టాలి

డిస్కవర్‌లో రావడానికి ప్రత్యేకమైన ట్యాగ్ అంటూ ఏదీ లేదు. పేజీ ఇండెక్స్ అయి, వాళ్ల నియమాలకు లోబడి ఉంటే చాలు, అర్హత ఉన్నట్టే. అర్హత ఉందంటే కనిపిస్తుందని కాదు. మన చేతిలో ఉన్నది పెద్ద ఫొటో వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం, ఏ ఫొటోనో చెప్పడం, హెడ్డింగ్ సరిగ్గా అందించడం.

```html
<title>చలికాలంలో ఇడ్లీ పిండి పులవాలంటే గిన్నె ఎక్కడ పెట్టాలి?</title>
<meta name="robots" content="max-image-preview:large">
<meta property="og:title" content="చలికి ఇడ్లీ పిండి పులవట్లేదా? సోడా వద్దు, గిన్నె పెట్టే చోటు మార్చండి">
<meta property="og:image" content="https://example.com/photos/idli-pindi-1600x900.jpg">
```

కీవర్డ్ మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇక్కడ ఊరట ఉంది. సెర్చ్‌కు నప్పే వాక్యాన్ని `<title>`లో ఉంచుకోవచ్చు. ఫీడ్ కోసం రాసిన వాక్యం `og:title`లోనూ, పేజీ పైన కనిపించే `<h1>`లోనూ పెట్టండి. గూగుల్ వీటిలో ఏది తీసుకుంటుందో మన చేతిలో ఉండదు. అందుకే మూడూ ఒకే విషయం చెప్పాలి, ఏ ఒక్కటీ వ్యాసంలో లేనిది చెప్పకూడదు.

వర్డ్‌ప్రెస్ 5.7 నుంచి `max-image-preview:large` దానంతటదే వస్తుంది. అయినా కొన్ని థీమ్‌లు, ప్లగిన్లు ఇంకో రోబోట్స్ ట్యాగ్ పెడతాయి. రెండు ట్యాగులు వేర్వేరుగా చెప్తే ఎక్కువ కట్టడి చేసేదే చెల్లుతుంది. ఒకచోట `large`, ఇంకోచోట `standard` ఉంటే చిన్న ఫొటోనే వస్తుంది. పేజీ సోర్స్ తెరిచి `max-image-preview` అని వెతకండి. రెండుసార్లు దొరికితే ఒకటి తీసేయాలి. ఫొటోలుండే ఫోల్డర్‌ను `robots.txt`లో ఆపేశారేమో కూడా చూడండి.

## 8. పబ్లిష్ నొక్కేముందు ఫోన్‌లో పరీక్ష

ఇదంతా కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చలేం. నేను చేసేది ఇది.

ఫొటోను ఫోన్‌లోకి తెచ్చి, గ్యాలరీలో అన్ని ఫొటోలూ చిన్న గళ్లుగా కనిపించే చోట చూస్తాను. ఆ గళ్ల మధ్య నా ఫొటో ఏమిటో తెలియకపోతే మళ్లీ తీయాల్సిందే. తర్వాత ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది చేసి, హెడ్డింగ్‌ను నాకు నేనే మెసేజ్‌గా పంపుకుని, మూడు వరసల తర్వాతి భాగాన్ని వేలితో మూసి చదువుతాను.

ఆఖర్న, వ్యాసం చదవని ఒకరికి ఫొటో, హెడ్డింగ్ కలిపి రెండు మూడు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకుంటాను. "దీన్లో ఏముంటుంది?" అని అడుగుతాను. మా ఇంట్లో అమ్మను అడుగుతాను. "పిండి పొంగకపోతే ఎక్కడ పెట్టాలో చెప్తారేమో" అంటే పబ్లిష్ చేస్తాను. "ఇడ్లీ గురించి ఏదో" అంటే మళ్లీ మొదటికొస్తాను.

పబ్లిష్‌కు ముందు చూసుకోవాల్సినవి:

- వస్తువు పేరు మొదటి మూడు నాలుగు మాటల్లో ఉందా?
- చివరి నాలుగు మాటలు తెగినా అర్థం తిరగబడకుండా ఉందా?
- హెడ్డింగ్‌లో చెప్పినది వ్యాసం మొదటి రెండు పేరాల్లో దొరుకుతోందా?
- ఫొటో ఈ ఒక్క వ్యాసానికే పనికొచ్చేదా?
- ఫొటో 1200 దాటిందా, అడ్డంగా ఉందా, అక్షరాలూ లోగో లేవా?

## 9. తర్వాత రిపోర్ట్ ఎలా చదవాలి

సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ కింద డిస్కవర్ రిపోర్ట్ ఉంటుంది. మీకు అది కనిపించకపోతే మీ సైట్‌కు ఇంకా కావాల్సినన్ని ఇంప్రెషన్లు రాలేదని అర్థం. అందులో క్వెరీలు ఉండవు, ఏ కీవర్డ్‌కు వచ్చారన్న ప్రశ్నే లేదు. పేజీ, ఇంప్రెషన్లు, క్లిక్కులు, సీటీఆర్ ఉంటాయి.

ఇడ్లీ పిండి పేజీకి 20,000 ఇంప్రెషన్లు, 400 క్లిక్కులు వచ్చాయనుకుందాం. సీటీఆర్ 2 శాతం. అది మంచిదా చెడ్డదా అని బయట ఎవర్నీ అడగకండి. మీ సైట్‌లోనే మిగతా వంటల వ్యాసాలతో పోల్చండి. అవి 5 శాతం దగ్గర ఉంటే ఈ కార్డులో లోపం ఉంది. చూశారు కానీ నొక్కలేదు. ముందు ఫొటో మార్చండి, తర్వాతే హెడ్డింగ్ జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంప్రెషన్లే 200 దగ్గర ఆగిపోతే అది హెడ్డింగ్ తప్పు కాదు. కార్డు చాలామందికి కనిపించనే లేదు. ఇండెక్స్ అయిందా, ఆ విషయం మీద ఆసక్తి ఉన్న కాలమేనా, మీ సైట్ ఆ విషయం మీద ఇంతకుముందు రాసిందా అన్నవి చూడాలి. ఏప్రిల్ ఎండల్లో చలికాలపు పిండి గురించి రాస్తే ఏ హెడ్డింగూ కాపాడదు. చాలామంది ఇక్కడే హెడ్డింగ్‌ను పదిసార్లు మారుస్తూ రోజులు పోగొట్టుకుంటారు.

మూడోది, సీటీఆర్ చాలా ఎక్కువగా ఉండి, అనలిటిక్స్‌లో చూస్తే జనం పది సెకన్లలో వెళ్లిపోతుంటే హెడ్డింగ్ వ్యాసం కన్నా ఎక్కువ చెప్పిందన్నమాట. హెడ్డింగ్‌ను తగ్గించండి, లేదా ఆ జవాబును మొదటి పేరాలోకి తెండి.

మార్పు చేశాక గూగుల్ ఆ పేజీని మళ్లీ చదివేదాకా పాత కార్డే కనిపించొచ్చు. సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పేజీని మళ్లీ ఇండెక్స్ చేయమని అడగొచ్చు. కొత్తగా కనిపించాలని తేదీ మాత్రం మార్చకండి. వ్యాసంలో నిజంగా కొత్త సంగతి చేరినప్పుడే తేదీ మారాలి. డిస్కవర్‌లో ఒక పేజీ ఎక్కువగా కొద్ది రోజులే తిరుగుతుంది కాబట్టి ఫొటో మార్చాలనుకుంటే మొదటి రోజు సాయంత్రంలోపే మార్చేయండి. ఆ తర్వాత మార్చినదాని ఫలితం రిపోర్ట్‌లో కనిపించేంత సమయం మిగలదు.